మూడు కథలు... ఒకే తాళం కప్ప!

ఒక్క టిక్కెట్టు మీద మూడు కథలు! వినడానికి ఎంత పసందుగా ఉంది కదూ? అందుకే కాబోలు, నలుగురు కుర్రాళ్ళు టీ కొట్టు దగ్గర కలిస్తే చాలు, "మూడు చిన్న కథలు కలిపి ఓ షార్ట్ ఫిల్మ్ లాగించేద్దాం గురూ" అంటున్నారు. ఒక్కో కథ ఏడెనిమిది నిమిషాలు. మూడూ కలిస్తే 24 నిమిషాలు. ముగ్గురు మిత్రులు తలా ఒక కథ రాసుకొస్తారు. మూడింటినీ ఒక దండలా గుచ్చి, పైన 'ప్రేమ' అనో 'అమ్మ' అనో పేరు పెట్టేస్తారు. చూసినవాళ్ళు "బావుందోయ్, రెండోది ఇంకా బావుంది" అని భుజం తట్టి వెళ్ళిపోతారు.

ఆ "రెండోది ఇంకా బావుంది" అన్న మాటలోనే ఉంది తిరకాసంతా! అలా అన్న ప్రేక్షకుడు మూడు సినిమాలు చూసి, మూడింటికీ విడివిడిగా మార్కులు వేశాడన్నమాట. ఒక సినిమా చూడలేదు. మరి మూడు కథలు కలిసి ఒక సినిమా ఎప్పుడవుతాయి? సరిగ్గా ఆ ఒక్క ప్రశ్న గురించే ఈ వారం మన కబుర్లు.

ఇల్లు వేరు, ప్రశ్న వేరు

1957కు వెళ్దాం. అప్పటిదాకా ఎడిటర్‌గా పేరు తెచ్చుకున్న హృషీకేశ్ ముఖర్జీ మొదటిసారి దర్శకత్వం చేపట్టారు. ఆ చిత్రం 'ముసాఫిర్'. రచనలో ఆయనకు తోడు నిలిచింది రిత్విక్ ఘటక్! అందులో కథలు మూడు. సుచిత్రా సేన్ ఒక కథలో, కిషోర్ కుమార్ ఒక కథలో, దిలీప్ కుమార్ ఒక కథలో కనిపిస్తారు. మూడు కథలకూ ఇల్లు మాత్రం ఒక్కటే... అద్దె ఇల్లు. ఒక కుటుంబం ఖాళీ చేసి వెళ్తుంది, ఇంకో కుటుంబం దిగుతుంది.

"ఓస్, ఇంతేనా? ఒకే ఇంట్లో మూడు కథలు పెడితే సరి!" అనుకుంటున్నారా? ఆగండాగండి. ఆ ఇల్లు కథలను ఒకచోటికి చేర్చే గుమ్మం మాత్రమే. ఆ గుమ్మంలోంచి మొదటి కథలో పెళ్ళి వస్తుంది, రెండో కథలో పుట్టుక వస్తుంది, మూడో కథలో చావు వస్తుంది. మనుషులు వస్తూ పోతూ ఉంటే మిగిలేదేమిటి అన్నది చిత్రం అడిగే ప్రశ్న. ఇల్లు లంకె, ప్రశ్న ఇతివృత్తం. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే మన కుర్రాళ్ళు బోల్తా పడేది. ఒకే బస్సు, ఒకే హోటలు, చేతులు మారే ఒక నోటు... ఇవన్నీ లంకెలే. లంకె దొరికినంత మాత్రాన ఇతివృత్తం దొరికినట్టు కాదు.

'ప్రేమ' అన్నదీ ఇతివృత్తం కాదు. అది వట్టి మాట. ఒక మాట కింద మూడు కథలు పెడితే మూడూ ఒకే జవాబు చెబుతాయి. ప్రేమ గొప్పది, ప్రేమ గొప్పది, ప్రేమ గొప్పది! రెండో కథ సగంలోనే కుర్చీలు కిర్రుమంటాయి. ఇతివృత్తాన్ని ప్రశ్నగా రాసుకోండి. అదీ, పెద్దమనుషులిద్దరు కూర్చుంటే చెరోవైపూ వాదించగలిగే ప్రశ్న అయివుండాలి. అప్పుడు ఒక్కో కథా ఒక్కో జవాబు చెప్పగలదు.

తీసేసి చూడండి!

మరి లంకె గట్టిగా ఉందో లేదో తెలిసేదెలా? ఒక కథ తీసేసి చూడటమే. సత్యజిత్ రాయ్ 'తీన్ కన్యా' 1961లో వచ్చింది. ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఠాగూర్ కథలు మూడు తీసుకున్నారు... 'పోస్ట్ మాస్టర్', 'మణిహారా', 'సమాప్తి'. విదేశాల్లో విడుదల చేసినప్పుడు నడిమి కథ 'మణిహారా'ను తీసేసి, మిగిలిన రెంటినీ 'టూ డాటర్స్' పేరుతో చూపించారు. అయినా ఆ రెండు కథలకూ చెక్కు చెదరలేదు! అది రాయ్ గారి లోపం కాదు సుమండీ. దేనికది నిండుగా నిలబడే కథలను పక్కపక్కన పెట్టడం ఒక పద్ధతి. కానీ ఒక్కో కథకూ ఏడెనిమిది నిమిషాలే ఉన్న మనం ఆ పద్ధతి పట్టుకుంటే మునిగిపోతాం. పొట్టి కథకు పక్క కథ ఆసరా కావాలి.

ఆ ఆసరా ఎలా ఉంటుందో జిమ్ జార్మూష్ 1989లో తీసిన 'మిస్టరీ ట్రెయిన్' చూస్తే తెలుస్తుంది. మెంఫిస్ నగరం. ఒకే రాత్రి. ఒక పాత హోటల్లో మూడు కథలు. మొదటి కథలో ఎక్కడో తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తుంది. ఎవరు పేల్చారో తెలీదు. రెండో కథలోనూ అదే చప్పుడు. ఓహో, ఇది అదే రాత్రి అని అర్థమవుతుంది మనకి. మూడో కథలో ఆ తుపాకీ మన కళ్ళ ముందే పేలుతుంది. ఒకే చప్పుడు... మొదటిసారి వింత, రెండోసారి గడియారం, మూడోసారి ఒక మనిషి కాలికి తగిలిన దెబ్బ! లంకె అంటే అదీ. వచ్చిన ప్రతిసారీ కొత్త సంగతి చెప్పాలి. ఊరికే కనబడి పోతే అది గోడ మీద కేలెండరుతో సమానం.

మన తెలుగులోనూ 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం'లో నాలుగు వయసుల ప్రేమకథలను ఒకదాంట్లో ఒకటి అల్లారు. ఆ నాలుగూ ఒకే మనిషి జీవితమని చివర్లో తేలేసరికి, అప్పటిదాకా చూసినదంతా మనసులో మళ్ళీ మొదట్నించీ తిరిగింది. చివరి కథ వెనక్కి వెళ్ళి ముందు కథలను మార్చాలి. మార్చకపోతే అది చివరి కథ కాదు, మూడో కథ మాత్రమే.

తెనాలిలో ఓ టైలరు షాపు

చెప్పడం తేలికే. చేసి చూపించవయ్యా అంటారా? సరే, మన కోసం ఒక చిత్రం అల్లుకుందాం. మొత్తం 24 నిమిషాలు. ఊరు తెనాలి. రేపు భోగి. ఇవాళ ఏ టైలరు షాపు చూసినా జాతరే! మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ అందరి బట్టలూ కుట్టే ఓ చిన్న షాపు, అందులో అరవై దాటిన ఓ మాస్టారు.

ముందు ప్రశ్న రాసుకుందాం. "ఆలస్యంగా అందినదానికి విలువ ఉంటుందా?" ఉండదనీ వాదించొచ్చు, ఉంటుందనీ వాదించొచ్చు. కాబట్టి ప్రశ్న పనికొస్తుంది.

తర్వాత లంకె. షాపే లంకె అందామా? అది కేవలం చోటు. దానికంటే చిన్నదీ, పదునైనదీ కావాలి. పండగ ముందురోజు సాయంత్రం 4 నుంచి 5 దాకా, ఎన్నడూ మూయని ఆ షాపు మూసి ఉంది. తలుపుకి తాళం కప్ప! అదీ మన తుపాకీ చప్పుడు.

మొదటి కథ 'చొక్కా'. ఒక కుర్రాడు. బట్టల దుకాణంలో సేల్స్‌మన్ ఉద్యోగానికి సాయంత్రం అయిదింటికి రమ్మన్నారు, తెల్లచొక్కాతో రమ్మన్నారు. ఉన్నది ఒక్క మాసిన గళ్ళ చొక్కా. మధ్యాహ్నం షాపుకొస్తే చొక్కా తయారే, కాజాలు మాత్రం కుట్టాలి. "నాలుగింటికి రా బాబూ" అన్నారు మాస్టారు. నాలుగింటికి వస్తే తాళం! అరుగు మీద కూర్చుంటాడు, లేస్తాడు, తాళం లాగుతాడు. చివరికి గళ్ళ చొక్కాతోనే పరుగు. పోతూ పోతూ మూసిన తలుపును ఒక్క తన్ను తన్నుతాడు. ఈ కథ చెప్పే జవాబు, విలువ ఉండదు. సమయానికి అందని చొక్కా వట్టి గుడ్డముక్క.

రెండో కథ 'జాకెట్టు'. ఓ పెళ్ళయిన అమ్మాయి. పోయిన తల్లి ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక రసీదు దొరికింది. మూడేళ్ళ కిందట తల్లి కూతురి కోసం కుట్టించి, తెచ్చుకోకుండానే పోయిన జాకెట్టు. ఉంటుందన్న ఆశ లేకుండానే వచ్చింది. తాళం వేసి ఉంటే అరుగు మీద కూర్చుంది. అయిదింటికి మాస్టారొచ్చి, ఎవరూ పట్టుకెళ్ళని బట్టల వరసలోంచి ఆ జాకెట్టు తీశారు. తొడుక్కుంటే బిగుతు! మూడేళ్ళ కిందటి కొలత మరి. అప్పుడు మాస్టారు జాకెట్టు తిరగేసి చూపిస్తారు. కుట్టు లోపల రెండు వైపులా బోలెడు గుడ్డ వదిలి ఉంది. "మీ అమ్మగారే చెప్పారమ్మా. పిల్ల పెళ్ళయ్యాక ఒళ్ళు చేస్తుంది, లోపల గుడ్డ వదలండి మాస్టారూ అని." పాత కుట్టు విప్పి కొత్త కుట్టు వేయడం పది నిమిషాల పని. ఈ కథ చెప్పే జవాబు, ఉంటుంది. చోటు వదిలిపెట్టినవాళ్ళు ఉంటే, ఆలస్యంగా వచ్చినా సరిపోతుంది.

మూడో కథ 'టేపు'. ఇది మాస్టారిది. ఆయన కూతురు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోతోంది. నాలుగున్నరకు బస్సు. కూతురి పుట్టినరోజులూ, బడిలో ఆమె నాటకాలూ, దేనికీ ఈ నాన్న సమయానికి వెళ్ళినవాడు కాదు, ఎప్పుడూ ఎవరివో కాజాలు మిగిలి ఉండేవి. ఇవాళా ఒక తెల్లచొక్కా కాజాలు మిగిలాయి. గోడ గడియారం కేసి చూసి, చొక్కా పక్కన పెట్టి, తాళం వేస్తారు. బస్టాండులో కూతురు ఆశ్చర్యపోతుంది. "నాన్నా! మరి షాపు?" "మూశానమ్మా." ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తెలీదు. మెడలో టేపు అలాగే వేలాడుతోందని కూతురు చూసి, నవ్వి, తీసి మడిచి ఆయన జేబులో పెడుతుంది. బస్సు కదిలిపోతుంది. మాస్టారు తిరిగొచ్చేసరికి, గళ్ళ చొక్కా కుర్రాడు తలుపు తన్ని పరిగెత్తడం దూరంగా కనిపిస్తుంది.

చూశారా? ఇక్కడ మొదటి కథ మారిపోయింది. అక్కడ మనకు కోపం తెప్పించిన తాళమే ఇక్కడ మనం వెయ్యమని కోరుకున్న తాళం! మూడో కథ చెప్పే జవాబు "అవును" కాదు, "కాదు" కాదు. ఒకరు సమయానికి వెళ్ళాలంటే ఇంకెవరికో ఆలస్యం అవుతుంది. ఆ బాకీ ఎవరు తీర్చాలి? చివరి సన్నివేశంలో, రాత్రి ఒంటిగా కూర్చుని మాస్టారు ఆ చొక్కాకు కాజాలు కుట్టి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసి, జాకెట్టు తీయగా ఖాళీ అయిన చోట తగిలిస్తారు. రసీదు చీటీ పిన్నుతో గుచ్చుతారు. కుర్రాడొస్తాడా? తెరమీద చెప్పం.

వరస మారిస్తే...

ఇక్కడ ఒక చిక్కుంది. జరిగిన వరసలో చెబుదామని మాస్టారి కథ మొదట పెట్టామనుకోండి. తాళం ఎందుకు పడిందో ముందే తెలిసిపోతుంది. కుర్రాడు తలుపు తన్నినప్పుడు "పాపం మాస్టారు బస్టాండుకెళ్ళాడురా" అని ప్రేక్షకుడు సర్ది చెప్పుకుంటాడు. కోపం రాదు. కోపం రాకపోతే తర్వాత సిగ్గుపడటానికీ ఏమీ ఉండదు. అందుకని వరస ఇలా పెట్టుకోవాలి. ముందు మనల్ని ఒక పక్షాన నిలబెట్టే కథ. నడుమ కాస్త ఊపిరి తీసుకోనిచ్చే కథ. చివర మన పక్షం మార్చే కథ. వరస ఎలా మార్చినా ఒకేలా ఉందీ అంటే మీ కథలు ఒకదాన్నొకటి పట్టుకోలేదని అర్థం.

నిమిషాలు కూడా సమానంగా పంచకండి. మొదటి కథకు 8 నిమిషాలు, ఎందుకంటే షాపునీ ఊరినీ పండగనీ పరిచయం చేసే బరువంతా దానిమీదే. రెండోదానికి 6 చాలు, ఆ షాపు మనకిప్పుడు తెలుసు. మూడోదానికి 9. మిగిలిన ఒక నిమిషం పేర్లకు. చిత్రానువాదం ఒక పేజీ దాదాపు ఒక నిమిషమని లెక్క. అంటే రెండో కథ ఆరు పేజీలు దాటితే కత్తెర పట్టుకోవాల్సిందే. కొత్త కథ మొదలైన ప్రతిసారీ ప్రేక్షకుడు కొత్త మనుషుల్ని పోల్చుకోవాలి కదా, అందుకని కథకి ముఖ్యమైనవాళ్ళు ఇద్దరు మించకూడదు. కుర్రాడికో తమ్ముడూ, తమ్ముడికో స్నేహితుడూ అంటూ పోతే కథ పేర్లు చెప్పడంతోనే సరిపోతుంది.

అరుగు మీద రెండు మాటలు

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది ఆ అరుగు సన్నివేశం. కుర్రాడూ, అమ్మాయీ పక్కపక్కన కూర్చున్నారు. మూడు కథల్లోనూ అదే సన్నివేశం వస్తుంది. మాటలు రెండే.

"ఎంతసేపైంది తమ్ముడూ తాళం వేసి?"

"గంటయిందక్కా!"

మొదటి కథలో కెమెరా కుర్రాడి పక్క. అతని మాట మనం నమ్ముతాం. రెండో కథలో అమ్మాయి పక్కనుంచి అదే మాట. ఆమె చేతి గడియారం చూసుకుంటుంది... నాలుగూ నలభై! కుర్రాడు వచ్చింది నాలుగింటికి, అయింది నలభై నిమిషాలే. ఆత్రంలో ఉన్నవాడికి నలభై నిమిషాలు గంట. మూడో కథలో అదే నలభై నిమిషం దగ్గర మాస్టారు బస్టాండులో ఉన్నారు, ఆయనకు కూతురు వెళ్ళి అప్పుడే పది నిమిషాలయింది. అరుగు మీది మాట దూరాన ఆయనకు వినపడదు, మనకు మాత్రం మాటలు వినిపిస్తూ ఖాళీ బస్టాండు కనిపిస్తుంది.

అందుకని స్క్రిప్టులో ఆ రెండు మాటలూ అక్షరం పొల్లుపోకుండా మూడుసార్లూ ఒకేలా రాసిపెట్టుకోవాలి. "గంటయింది", "గంట దాటింది" అని ఒక్క ముక్క తేడా వచ్చినా ప్రేక్షకుడు అది వేరే సమయమనుకుంటాడు. ఎవరు ఎటు కూర్చున్నారు, రసీదు ఏ చేతిలో ఉంది, ఎండ ఎక్కడికి పాకింది అన్నదీ అక్కడే రాసుకోవాలి. చిత్రీకరణకు కూడా ఆ అరుగు సన్నివేశాన్ని మూడు కథల కోసమూ ఒకే సాయంత్రం, వరసగా తీసెయ్యాలి. ఇవాళ కొంత, వారం తర్వాత కొంత అంటే నీడలే పట్టిచ్చేస్తాయి.

కాకతాళీయం కాలు పెట్టే చోటు

చివరగా ఒక హెచ్చరిక. మూడో కథను మొదట అల్లినప్పుడు మాస్టారు బస్టాండుకు ఆలస్యంగా వెళ్తారు, అదృష్టవశాత్తూ బస్సు కూడా ఆలస్యం కావడంతో కూతుర్ని చూడగలుగుతారు అని నేను రాసుకున్నాను. అప్పుడు పసందుగానే అనిపించింది. ఆలస్యం అన్న ఇతివృత్తానికి బస్సు ఆలస్యం కూడా కలిసొచ్చింది కదా! తీరా మళ్ళీ చదివితే పస లేదు. బస్సు ఆలస్యమైతే మాస్టారు దేన్నీ వదులుకోనక్కర్లేదు. ఇంకో అరగంట ఆగి కాజాలు కుట్టి కూడా వెళ్ళొచ్చు. తాళం వేయడానికి బరువే లేకుండా పోయింది. దాంతో మొదటి కథలో కుర్రాడి నష్టం కూడా వట్టి దురదృష్టం అయిపోయింది.

మూడు కథల చిత్రంలో కాకతాళీయానికి ఒక్కచోటే అనుమతి. మనుషుల్ని ఒకచోట చేర్చడానికి. కుర్రాడూ అమ్మాయీ ఒకే సాయంత్రం ఒకే అరుగు మీదికి రావడం కాకతాళీయమే, ఎవరూ అడగరు. కానీ ముడి విప్పడానికి దాన్ని వాడితే మూడు కథలూ ఒకేసారి సడలిపోతాయి, ఎందుకంటే మూడూ ఒకే ముడి మీద ఆధారపడ్డాయి. అందుకే బస్సు సరిగ్గా నాలుగున్నరకే కదలాలి. మాస్టారు తెలిసే తాళం వెయ్యాలి.

మీ కథలు మూడూ రాయడం పూర్తయ్యాక ఈ పరీక్ష చెయ్యండి. ఒక్కో కథనూ ఒక్కో వాక్యంలో చెప్పి, రెండో వాక్యం ముందూ మూడో వాక్యం ముందూ "కానీ" అని చేర్చి చదవండి. సమయానికి అందని చొక్కాకు విలువ లేదు. కానీ, చోటు వదిలి కుట్టిన జాకెట్టు మూడేళ్ళ తర్వాతా సరిపోయింది. కానీ, ఆ చోటు ఒకరికి ఇవ్వాలంటే ఇంకొకరి గంట తీసుకోవాలి. "కానీ" ఇమిడితే మీ చేతిలో ఒక సినిమా ఉంది. "కానీ" బదులు "అలాగే" అని చదవాల్సి వస్తే మాత్రం...

మళ్ళీ టీ కొట్టు దగ్గరికే పదండి!